రెండు తొట్లు, ఒకటే ఐగెన్ సదిశ

నూరు లీటర్ల తొట్లు రెండు పక్కపక్కన ఉన్నాయనుకోవాలి. మొదటి తొట్టిలోకి నిమిషానికి 10 లీటర్ల మంచినీళ్లు వచ్చి పడుతుంటాయి. అంతే నీళ్లు అందులోంచి రెండో తొట్టిలోకి, రెండో తొట్టిలోంచి బయటికి పోతుంటాయి. కాబట్టి రెండూ ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. లెక్క మొదలయ్యేసరికి మొదటి తొట్టి నీళ్లలో 5 కిలోల ఉప్పు కరిగి ఉంది, రెండో తొట్టిలో ఉప్పు లేదు. ఏ తొట్టిలో నీళ్లు ఆ తొట్టిలో ఎప్పటికప్పుడు బాగా కలిసిపోతాయనుకుంటే, t నిమిషాల తర్వాత ఏ తొట్టిలో ఎంత ఉప్పు మిగులుతుంది?

మొదటి తొట్టిలోని ఉప్పును x గ్రాములు, రెండో దానిలోని ఉప్పును y గ్రాములు అందాం. ప్రతి తొట్టిలోంచీ నీళ్లలో పదో వంతు చొప్పున నిమిషానికి బయటికి పోతోంది, వాటితో పాటు ఉప్పు కూడా అదే వంతున పోతుంది. మొదటి తొట్టికి ఇది నష్టమే. రెండో తొట్టికి మొదటి దాని నష్టం రాబడి, తన సొంత నష్టం ఖర్చు. దీన్ని సమీకరణాలుగా రాస్తే ఇలా ఉంటుంది:

```
x' = -0.1 x
y' =  0.1 x - 0.1 y
```

ఇక్కడ x' అంటే x మారే వేగం. మొదటి సమీకరణం ఒంటరిది, దానికి జవాబు ఇంటర్ విద్యార్థులకు తెలిసిందే: x = 5000 e^(-0.1t). e^(at) అనే ప్రమేయాన్ని అవకలనం చేస్తే తిరిగి అదే వస్తుంది, ముందు ఒక a మాత్రం చేరుతుంది. తన పరిమాణానికి అనుపాతంలో మారే ప్రతి రాశికీ ఈ ప్రమేయం పనికొచ్చేది అందుకే. రెండో సమీకరణంలో x, y రెండూ ఉన్నాయి కాబట్టి అది అంత తేలిగ్గా లొంగదు. అయితే గుణకాలన్నిటినీ ఒక మాత్రికలో పెడితే రెండు సమీకరణాలూ కలిసి ఒక్క సమీకరణంలా కనిపిస్తాయి. x, y లను ఒక నిలువు వరుసగా పేర్చి దాన్ని u అంటే, u' = Au అవుతుంది. A ఇదీ:

```
A = [ -0.1   0   ]
    [  0.1  -0.1 ]
```

ఒంటరి సమీకరణానికి జవాబు e^(at) అయినప్పుడు, దీనికి e^(At) జవాబు కాకూడదా అన్న ఆశ సహజంగానే పుడుతుంది. ఆ ఆశ నెరవేరుతుంది కూడా. కాకపోతే ఒక సంఖ్యను మాత్రికంత సార్లు గుణించడం అనేదానికి అర్థం లేదు కనుక, e^(At) అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. మామూలు e^(at) ని అనంత శ్రేణిగా రాయవచ్చు. ఆ శ్రేణిలో ఉన్నవి కూడికలు, గుణకారాలు, ఫాక్టోరియల్ సంఖ్యలతో భాగహారాలు మాత్రమే. మాత్రికలకు ఇవన్నీ చేతనవును. అందుకే a ఉన్న చోట A ని, 1 ఉన్న చోట యూనిట్ మాత్రిక I ని పెట్టి అదే శ్రేణిని నిర్వచనంగా తీసుకుంటారు:

```
e^(At) = I + At + (At)²/2! + (At)³/3! + ...
```

ఫాక్టోరియల్ సంఖ్యలు ఏ ఘాతం కన్నా వేగంగా పెరుగుతాయి కాబట్టి, ఏ చదరపు మాత్రికను తీసుకున్నా ఈ శ్రేణి అభిసరిస్తుంది. పదం పదంగా అవకలనం చేస్తే ప్రతి పదమూ తన ముందు పదానికి A రెట్లు అవుతుంది, మొత్తం శ్రేణి తిరిగి A e^(At) అవుతుంది. t = 0 దగ్గర I ఒక్కటే మిగులుతుంది. కాబట్టి మొదట్లో ఉన్న u ని e^(At) తో గుణిస్తే చాలు, t నిమిషాల నాటి u వచ్చేస్తుంది. రేఖీయ అవకలన సమీకరణాలను ఇలా శ్రేణులతో సాధించే పద్ధతిని ఇటలీ గణితవేత్త జుసెప్పే పియానో 1888లో ప్రచురించాడు.

ఈ మాత్రికలోని అంకెలకు తొట్ల భాషలో సూటి అర్థం ఉంది. మొదటి తొట్టిలో ఒక గ్రాము ఉప్పు వేసి, రెండో దాన్ని ఖాళీగా ఉంచితే t నిమిషాల తర్వాత రెండు తొట్లలో ఎంతెంత ఉంటుందో మొదటి నిలువు వరుస చెబుతుంది. ఆ గ్రామును రెండో తొట్టిలో వేస్తే ఏమవుతుందో రెండో నిలువు వరుస చెబుతుంది. రెండో తొట్టి ఉప్పు వెనక్కి పోయి మొదటి తొట్టిలో చేరదు కాబట్టి, రెండో నిలువు వరుసలో పై అంకె ఎప్పటికీ సున్నాయే. కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ చేసే తప్పు ఇక్కడే బయటపడుతుంది. మాత్రికలోని ఒక్కో అంకెకూ విడివిడిగా e ఘాతం తీస్తే e^(At) రాదు. అలా తీస్తే సున్నా ఉన్న చోట e^0, అంటే 1 వస్తుంది. రెండో తొట్టి ఉప్పు మొదటి తొట్టిలోకి ఎక్కిందని చెప్పే లెక్క అది.

అనంత శ్రేణిని చేత్తో కూడటం ఎవరికీ పని కాదు. మామూలుగా దగ్గరి దారి ఐగెన్ సదిశల మీదుగా వెళ్తుంది. ఆ దారి ఎక్కడ తెగిపోతుందో చూడాలంటే, ముందు అది తెగని చోట చూడాలి. రెండో తొట్టిని కొంచెం చిన్నది చేద్దాం. దాదాపు 91 లీటర్లది పెడితే నిమిషానికి 10 లీటర్ల ప్రవాహం దానిలోంచి 0.11 వంతు చొప్పున ఉప్పును తీసుకుపోతుంది. ఇప్పుడు మాత్రికలో కింది కుడి అంకె -0.1 బదులు -0.11 అవుతుంది.

ఐగెన్ సదిశ అంటే, ఈ తొట్ల విషయంలో, కాలంతో నిష్పత్తి చెడని పంపకం. మొదటి తొట్టిలో 1 కిలో, రెండో తొట్టిలో 10 కిలోలు ఉన్నాయనుకుంటే, రెండో దానిలోకి వచ్చేది నిమిషానికి 0.1 కిలో, పోయేది 1.1 కిలో. నికర నష్టం 1 కిలో, అంటే 10 కిలోలలో పదో వంతు. మొదటి తొట్టి కూడా పదో వంతే పోగొట్టుకుంటోంది. రెండూ ఒకే వంతున తరుగుతున్నాయి కాబట్టి 1:10 నిష్పత్తి అలాగే నిలుస్తుంది. (1, 10) ఒక ఐగెన్ సదిశ, దాని ఐగెన్ విలువ -0.1. ఉప్పంతా రెండో తొట్టిలోనే ఉన్న పంపకం (0, 1) ఇంకొకటి, దాని ఐగెన్ విలువ -0.11. ఏ పంపకాన్నయినా ఈ రెండింటి కలయికగా రాసుకుని, ఒక్కో భాగాన్ని దాని సొంత వేగంతో తరగనిచ్చి, చివర కలుపుకుంటే పని అయిపోతుంది. మన 5 కిలోలకు (5000, 0) అనేది (1, 10) కి 5000 రెట్లలోంచి (0, 1) కి 50,000 రెట్లు తీసేసినది. అందువల్ల

```
y = 50000 e^(-0.1t) - 50000 e^(-0.11t)
```

పది నిమిషాలకు ఇది 1750 గ్రాములు. ఉన్నదే 5 కిలోల ఉప్పు, లెక్కలో మాత్రం 50 కిలోలకు 50 కిలోలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు రెండో తొట్టిని మళ్లీ నూరు లీటర్ల వైపు పెంచుకుంటూ పోదాం. 99.9 లీటర్లకు చేరేసరికి ఆ వంతు 0.1001 అవుతుంది, మొదటి ఐగెన్ సదిశ (1, 1000) అవుతుంది. కాగితం మీద గీస్తే ఇది (0, 1) నుంచి వేరుగా కనిపించదు. సరిగ్గా నూరు లీటర్లయ్యాక రెండు సదిశలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఐగెన్ విలువ -0.1 రెండుసార్లు వచ్చింది, ఐగెన్ సదిశ మాత్రం (0, 1) ఒక్కటే మిగిలింది. మొదటి తొట్టిలో ఉప్పున్న ఏ పంపకాన్నీ దాని గుణిజంగా రాయలేం. దారి తెగిపోయిందంటే అర్థం ఇదే.

ఎందుకు తెగిందో తొట్లే చెబుతాయి. y/x నిష్పత్తి ఎలా మారుతుందో చూస్తే, 91 లీటర్ల తొట్టి విషయంలో అది పెరిగి పెరిగి 10 దగ్గర ఆగుతుంది. సమాన తొట్లలో అలా ఆగే చోటు లేదు. రెండు తొట్లూ సొంత ఉప్పును ఒకే వంతున పోగొట్టుకుంటున్నాయి కాబట్టి ఆ నష్టాలు నిష్పత్తిని మార్చవు. మార్చేది మొదటి దాని నుంచి రెండో దానికి వచ్చి పడే ఉప్పు మాత్రమే. దానివల్ల నిష్పత్తి నిమిషానికి సరిగ్గా 0.1 చొప్పున, ఎప్పటికీ ఆగకుండా పెరుగుతుంది. నిష్పత్తి స్థిరంగా నిలిచే పంపకమే లేనప్పుడు రెండో ఐగెన్ సదిశ ఎక్కడి నుంచి వస్తుంది? జవాబు కూడా ఈ మాటలోనే దొరికింది. y/x = 0.1t కాబట్టి

```
x = 5000 e^(-0.1t)
y = 5000 (0.1t) e^(-0.1t)
```

ఐగెన్ విలువ రెండుసార్లు రావడమే లోపం కాదు. పాఠ్యపుస్తకాలు చదివిన చాలామందికి ఈ రెండూ ఒకటేనన్న భ్రమ మిగిలిపోతుంది. అవే రెండు తొట్లను ఒకదానికొకటి సంబంధం లేకుండా, దేని కుళాయి దానికి పెట్టి చూస్తే A = -0.1 I అవుతుంది. అక్కడా -0.1 రెండుసార్లు వస్తుంది. కానీ ఏ పంపకం తీసుకున్నా దాని నిష్పత్తి చెడదు, అంటే ప్రతి సదిశా ఐగెన్ సదిశే. ఐగెన్ విలువల పట్టిక మాత్రమే చూస్తే ఈ రెండు ఏర్పాట్లకూ తేడా తెలియదు. తొట్లను కలిపే గొట్టం తెచ్చిన తేడా A - λI అనే మాత్రికలో కనిపిస్తుంది. అది మొత్తం సున్నాలైతే లోపం లేదు. రెండు వరుసల మాత్రికలో λ రెండుసార్లు వచ్చి, A - λI లో ఒక్క అంకె సున్నా కాకపోయినా లోపం ఉన్నట్టే.

లోపమున్న మాత్రికకు e^(At) కట్టే పద్ధతి నిజానికి లోపం లేని దానికన్నా సులువు. A ని రెండు ముక్కలు చేయాలి: λI ఒకటి, మిగిలిన N = A - λI ఇంకొకటి. మన తొట్లకు N ఇలా ఉంటుంది:

```
N = [ 0    0 ]
    [ 0.1  0 ]
```

దీన్ని దానితోనే గుణిస్తే అన్నీ సున్నాలు వస్తాయి. కాబట్టి e^(Nt) శ్రేణి రెండో పదం దగ్గరే ఆగిపోయి I + Nt గా మిగులుతుంది. అనంత శ్రేణి లెక్క ఒక కూడికతో ముగిసింది. మిగిలిన ముక్క λI నుంచి e^(λt) అనే మామూలు సంఖ్య వస్తుంది. రెండింటినీ గుణిస్తే

```
e^(At) = e^(-0.1t) (I + Nt) = e^(-0.1t) [ 1     0 ]
                                        [ 0.1t  1 ]
```

N వర్గం సున్నా కావడం ఈ మాత్రిక అదృష్టం కాదు. ప్రతి చదరపు మాత్రికా తన లాక్షణిక సమీకరణాన్ని తానే తృప్తిపరుస్తుందని చెప్పే కేలీ–హామిల్టన్ సిద్ధాంతం ప్రకారం, రెండు వరుసల మాత్రికకు λ రెండుసార్లు వస్తే (A - λI) వర్గం సున్నా అయి తీరాలి. చేత్తో చేసేటప్పుడు అది సున్నా రాలేదంటే λ తప్పు కట్టారనో, గుణకారంలో పొరపాటు జరిగిందనో వెంటనే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక షరతును దాటవేయకూడదు. e^(P+Q) ని e^P, e^Q ల లబ్ధంగా విడదీయడం PQ, QP సమానమైనప్పుడు మాత్రమే చెల్లుతుందని నమ్మకంగా చెప్పవచ్చు. λI ఏ మాత్రికతోనైనా ఎటు నుంచి గుణించినా ఒకే ఫలితం ఇస్తుంది కాబట్టి పై లెక్క నిలిచింది. అదే ఉపాయాన్ని 91 లీటర్ల తొట్టికి వాడితే ఏమవుతుందో చూడాలి. అక్కడ కర్ణం మీది -0.1, -0.11 లను ఒక ముక్కగా, మిగిలిన N ని ఇంకో ముక్కగా చేస్తే ఆ రెండూ ఒకదానితో ఒకటి వినిమయం కావు. e^(Nt) ని ముందు పెట్టి గుణిస్తే పది నిమిషాలకు రెండో తొట్టిలో 1839 గ్రాములు వస్తాయి, వెనక పెట్టి గుణిస్తే 1664 వస్తాయి. అసలు జవాబు 1750. ఒకే లెక్కకు వరుస మారితే రెండు జవాబులు వచ్చాయంటే రెండూ నమ్మదగినవి కావు.

సమాన తొట్లలో ఉప్పు కథ ఇలా నడుస్తుంది. మొదటి తొట్టి ఉప్పు మొదటి నిమిషం నుంచీ తరుగుతుంది. రెండో దానిలో ఉప్పు మొదట పెరుగుతుంది, ఎందుకంటే తొలి రోజుల్లో వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ అన్నట్టుగా ఉంటుంది దాని పరిస్థితి. సరిగ్గా పదో నిమిషంలో రెండింటిలోనూ 1839 గ్రాములు ఉంటాయి. రాబడి, ఖర్చు సమానమైన క్షణం అదే కాబట్టి రెండో తొట్టికి అదే గరిష్ఠం. ఇరవయ్యో నిమిషానికి మొదటి దానిలో 677 గ్రాములు, రెండో దానిలో 1353. గంట గడిచేసరికి మొదటి దానిలో 12 గ్రాములు, రెండో దానిలో 74. సూత్రంలో t ఉంది కదా, ఎప్పటికైనా పెరిగిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. λ రుణ సంఖ్య అయినంత కాలం e^(λt) తరుగుదల t పెరుగుదలను మింగేస్తుంది. λ సున్నా అయితే మాత్రం మాట వేరు. అప్పుడు తరిగించేది ఏదీ లేక t ఒక్కటే మిగులుతుంది. ఘర్షణ లేని చోట ఒక వస్తువును నెట్టి వదిలితే దూరం కాలంతో పాటు పెరుగుతూ పోవడం అలాంటిదే.

కరువైన సదిశ స్థానంలో ఏది నిలబడిందో కూడా చెప్పుకోవాలి. (1, 0) ఐగెన్ సదిశ కాదు. కానీ N తో గుణిస్తే అది (0, 0.1) అవుతుంది, అంటే ఐగెన్ సదిశ దిక్కులోకి వస్తుంది. ఇంకోసారి గుణిస్తే సున్నా. ఒక మెట్టు దిగితే ఐగెన్ సదిశ, రెండు మెట్లు దిగితే సున్నా అయ్యే ఇలాంటి దాన్ని సాధారణీకృత ఐగెన్ సదిశ అంటారు. ఐగెన్ సదిశలు చాలని చోట ఇవి గొలుసులుగా చేరి లెక్క పూర్తి చేస్తాయి. ఏ మాత్రికనైనా ఇలాంటి గొలుసుల బ్లాకులుగా విడదీయవచ్చని ఫ్రెంచి గణితవేత్త కామీ జోర్డాన్ 1870 నాటి తన గ్రంథంలో చూపాడు. ఆ రూపానికి ఆయన పేరే ఉంది. గొలుసు పొడుగు ఎంతో, t ఎంత ఘాతం దాకా వస్తుందో అదే చెబుతుంది. మూడో సమాన తొట్టిని చివర తగిలిస్తే గొలుసు మూడు మెట్లవుతుంది. అందులోని ఉప్పు 5000 (0.1t)²/2 రెట్లు e^(-0.1t). అది ఇరవయ్యో నిమిషంలో 1353 గ్రాముల దగ్గర గరిష్ఠానికి చేరుతుంది.

తొట్ల మాత్రికలో N పైకే కనిపిస్తుంది. అన్ని చోట్లా అలా ఉండదు. ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో రెండు వైపులా తెరుచుకుని దానంతటదే మూసుకునే తలుపులుంటాయి. స్ప్రింగు తలుపును మూసిన స్థానానికి లాగుతుంది, నూనె నిండిన డాంపర్ దాని వేగాన్ని అడ్డుకుంటుంది. తలుపు కోణం x, వేగం v అనుకుని, కొలమానాలను సౌకర్యంగా ఎంచుకుంటే x' = v, v' = -x - cv అవుతాయి. c అనేది డాంపర్ బిగువు. అది 2 కన్నా తక్కువైతే ఐగెన్ విలువలు సంకీర్ణ సంఖ్యలవుతాయి, తలుపు అటూ ఇటూ ఊగుతుంది. ఎక్కువైతే రెండు వేర్వేరు రుణ విలువలు వస్తాయి, తలుపు బద్ధకంగా మూసుకుంటుంది. సరిగ్గా 2 అయితే -1 రెండుసార్లు వస్తుంది. అప్పుడు

```
A = [  0   1 ]     N = A + I = [  1   1 ]
    [ -1  -2 ]                 [ -1  -1 ]

e^(At) = e^(-t) [ 1+t    t  ]
                [ -t    1-t ]
```

N వర్గం ఇక్కడా సున్నాయే, ఒకసారి గుణించి చూసుకోవచ్చు. ఐగెన్ సదిశ (1, -1) ఒక్కటే. దాని అర్థం తలుపు దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. తెరిచి, కదలకుండా పట్టుకుని వదిలితే x = (1+t) e^(-t), తలుపు మొదట తటపటాయించి తర్వాత మూసుకుంటుంది. సరిగ్గా 1 వేగంతో మూసే వైపు నెట్టి వదిలితే ఐగెన్ సదిశ మీదే బయలుదేరినట్టు. అప్పుడు t మాయమై x = e^(-t) మిగులుతుంది. 2 వేగంతో నెడితే x = (1-t) e^(-t), తలుపు t = 1 దగ్గర మూత స్థానాన్ని దాటి అవతలి వైపు కొంచెం తెరుచుకుని వెనక్కి వస్తుంది. ఈ బిగువు దగ్గర తలుపు అసలు దాటదని కొందరు రాస్తుంటారు, అది సరికాదు. ఒకసారి దాటవచ్చు, రెండోసారి మాత్రం దాటదు, ఎందుకంటే e^(-t) పక్కనున్నది t లో మొదటి ఘాతపు కోష్ఠకం, దానికి సున్నా అయ్యే చోటు ఒకటే ఉంటుంది.

చేత్తో కట్టిన e^(At) లో తప్పుందేమో పట్టుకోవడానికి మూడు చూపులు పనికొస్తాయి. t = 0 పెడితే I రావాలి. ఒకసారి అవకలనం చేసి t = 0 పెడితే A రావాలి. నిర్ధారకం e ని A కర్ణం మొత్తం ఇంటూ t ఘాతానికి ఎత్తినంత కావాలి. తలుపు మాత్రికలో (1+t)(1-t) + t² = 1 కాబట్టి నిర్ధారకం e^(-2t), కర్ణం మొత్తం -2. సరిపోయింది.

కంప్యూటరు చేతికి లెక్క వెళ్లాక చిక్కులు వేరే దారిలో వస్తాయి. 99.9 లీటర్ల తొట్టికి ఐగెన్ సదిశల దారి సిద్ధాంతంలో తెరిచే ఉంది. y = 50,00,000 (e^(-0.1t) - e^(-0.1001t)) అని అది చెబుతుంది. పది నిమిషాల దగ్గర e ఘాతాలను నాలుగు దశాంశాలకు తీసుకుంటే 0.3679, 0.3675 వస్తాయి. తేడా 0.0004, జవాబు 2000 గ్రాములు. అసలు జవాబు 1838.5. దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యలను తీసివేసినప్పుడు నమ్మదగిన అంకెలన్నీ కొట్టుకుపోయి, చివరి అంకెల తప్పులే మిగులుతాయి. కంప్యూటరు పదహారు అంకెలు పెట్టుకుంటుంది కాబట్టి ఇక్కడ గట్టెక్కుతుంది, రెండు విలువలు ఇంకా దగ్గరైతే దానికీ ఇదే గతి.

ఐగెన్ విలువలు కూడా లోపం దగ్గర చాలా సున్నితంగా ఉంటాయి. తొట్ల మాత్రికలో పై కుడి మూలనున్న సున్నా బదులు పదిహేనో దశాంశంలో ఒకటి పడిందనుకుందాం. రెండు ఐగెన్ విలువలూ -0.1 నుంచి చెరోవైపు ఎనిమిదో దశాంశంలో ఒకటి మేర విడిపోతాయి. చిన్న పొరపాటు వర్గమూలమై బయటపడటమే దీనికి కారణం. అయినా e^(At) లో వచ్చే మార్పు లెక్కలోకి రానంత స్వల్పం. చెదిరేవి ఐగెన్ విలువలు, సదిశలే. పైథాన్‌లో np.linalg.eig లోపమున్న మాత్రికకు కూడా ఏ హెచ్చరికా లేకుండా రెండు నిలువు వరుసలు ఇస్తుంది. అవి దాదాపు ఒకే దిక్కువని తెలుసుకోవాలంటే np.linalg.cond అడగాలి. అది బ్రహ్మాండమైన సంఖ్య చెబితే ఆ దారి వదిలేయడం మంచిది. np.exp(A) అయితే అంకెకు అంకె ఘాతం తీసే పాత తప్పే చేస్తుంది. కావలసిన పని చేసేది ఇది:

```python
import numpy as np
from scipy.linalg import expm
A = np.array([[-0.1, 0.0], [0.1, -0.1]])
print(expm(10 * A) @ [5000, 0])
```

జవాబు రెండు చోట్లా 1839.397 వస్తుంది. expm ఐగెన్ సదిశల జోలికి పోదు. మాత్రికను పదేపదే సగం చేసి చిన్నది చేసుకుంటుంది, చిన్న మాత్రికకు e ఘాతాన్ని భిన్న రూపపు సూత్రంతో దాదాపుగా కడుతుంది, తర్వాత సగం చేసినన్ని సార్లూ వర్గం చేస్తుంది. పది నిమిషాల మాత్రికను వర్గం చేస్తే ఇరవై నిమిషాల మాత్రిక వస్తుంది కదా, అదే సంగతి ఇక్కడ పనికొచ్చింది. శ్రేణిని నేరుగా కూడకపోవడానికీ కారణం ఉంది. క్లీవ్ మోలర్, చార్ల్స్ వాన్ లోన్ 1978లో ఈ లెక్కకున్న పంతొమ్మిది పద్ధతులను ఒక్కొక్కటిగా పరీక్షించి, అన్నిటినీ అనుమానాస్పదమైనవిగానే పేర్కొంటూ ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. అందులో -1, -17 ఐగెన్ విలువలున్న మామూలు రెండు వరుసల మాత్రికకు తక్కువ అంకెలతో శ్రేణిని కూడితే, -0.74 రావలసిన చోట -22.26 వచ్చింది. మధ్య పదాలు లక్షలకు పెరిగి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడమే దానికి మూలం.

నిజంగా ఏ రెండు తొట్లూ అణుమాత్రం తేడా లేకుండా సమానంగా ఉండవు. కాబట్టి లోపమున్న మాత్రిక పుస్తకాల్లోనే ఉంటుందని, దాన్ని పట్టించుకోనక్కర్లేదని కొందరంటారు. లెక్క వాళ్ల పక్షాన లేదు. 99.9 లీటర్ల తొట్టికి కూడా 5000 (0.1t) e^(-0.1t) సూత్రాన్నే వాడేస్తే, ఏ నిమిషంలో చూసినా తప్పు గ్రామున్నర దాటదు.